అంగుళానికి ముప్పై ఆరు

బ్రష్ పక్కన పెట్టి పదిహేనేళ్ళయినా ఆ ఫ్లెక్సు షాపులో అతన్ని ఇంకా పెయింటరనే పిలుస్తారు. షాపు సొంత అక్క మొగుడిది. ఊళ్ళోకి మొదటి ఫ్లెక్సు మిషను తెచ్చి గోడల మీద రాసే వాళ్ళందరి నోట్లో మట్టి కొట్టింది కూడా ఆ బావే. మట్టి కొట్టినవాడే పిలిచి కూర్చోబెట్టి, "మౌసు పట్టుకోవోయ్, బ్రష్ కంటే తేలిక" అన్నాడు. ఏడో తరగతితో చదువు ఆగిపోయిన చేతికి మౌసు తేలికేం కాలేదు. కానీ నేర్చుకున్నాడు. కంప్యూటరు ముందున్న ఆ ఒక్క కుర్చీ పదిహేనేళ్ళుగా అతనిదే. చేతులు పెట్టుకునే చోట రెక్సిన్ ఊడిపోయి, లోపలి స్పాంజి అతని మోచేతుల కొలతకి గుంట పడింది.

ఆ కుర్చీకే ఇప్పుడు ఎసరొచ్చింది. బావ కూతురు డిజైనింగులో డిగ్రీ చేసి వచ్చింది. షాపుకి ఇద్దరు డిజైనర్లు దండగనీ, ఒకరు కంప్యూటరు దగ్గర, ఒకరు బ్యానర్ల అంచులకి రింగులు కొట్టడం, వాటిని కట్టించడం చూసుకోవాలనీ బావ అన్నాడు. మొహం మీద చెప్పలేదు. భోజనం దగ్గర అక్కతో అంటుంటే పెయింటరు చెవిన పడేలా అన్నాడు. ముందు మిల్లు బ్యానరు పని కానివ్వండి, ఎవరికి ఏది నప్పుతుందో దాంతో తేలిపోతుందన్నాడు.

మిల్లంటే ఊరి చివర నూలు మిల్లు. నెలాఖరున మూసేస్తున్నారు. ఆఖరి రోజు పొద్దున పది గంటలకి అందరినీ పిలిచి వీడ్కోలు చెబుతారట. దానికి ఇరవై అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు బ్యానరు కావాలన్నారు. అందులో నాలుగు వందల ఎనభై మంది పనివాళ్ళ ఫొటోలు, ప్రతి ఫొటో కింద పేరు. గుర్తింపు కార్డుల రిజిస్టరులోని అంగుళం ఫొటోలని ఆఫీసు వాళ్ళే స్కాన్ చేసి పంపారు. ఒక్కొక్కటి వెడల్పున ఆరు వందల పిక్సెళ్ళు, ఎత్తున ఏడు వందల ఇరవై. చిన్న ఫొటోకి అది మంచి స్కానే.

మొదట మేనకోడలు కూర్చుంది. కాలేజీలో చెప్పిన ప్రకారం ప్రింటంటే అంగుళానికి మూడు వందల పిక్సెళ్ళు ఉండాలంది. ఇరవై అడుగులంటే రెండు వందల నలభై అంగుళాలు. మూడు వందలతో గుణిస్తే డెబ్బై రెండు వేలు. అడ్డం డెబ్బై రెండు వేలు, నిలువు ముప్పై ఆరు వేలు, మొత్తం రెండు వందల యాభై తొమ్మిది కోట్ల పిక్సెళ్ళు. మామూలు ఫైలుగా దాచబోతే ఒక పక్కన ముప్పై వేలు దాటితే కుదరదంది కంప్యూటరు. పెద్ద ఫైళ్ళ రకం ఎంచుకుంటే ఒప్పుకుంది గానీ, అరవై ఫొటోలు పెట్టేసరికి ఆయాసం మొదలైంది. ఒకసారి సేవ్ కొడితే ఇరవై నిమిషాలు. రెండోసారి కొట్టినప్పుడు బిగుసుకుపోయి, బలవంతంగా ఆపితే తప్ప కదల్లేదు.

పెయింటరు వెనక నిలబడి చూశాడు. లోపల ఒక రకమైన చల్లదనం కలిగింది. దాన్ని దాచుకోవాలని కూడా అనుకోలేదు.

"అమ్మాయ్, ఆ మూడు వందలు పుస్తకాలకి. పుస్తకం మొహం ముందు పెట్టుకుని చదువుతాం. ఫ్లెక్సుని ఎవడూ ఒళ్ళో పెట్టుకుని చదవడు."

"మరి ఎంత పెట్టాలి మామయ్యా?"

"ముప్పై ఆరు. పదిహేనేళ్ళుగా అదే. ఏ బ్యానరూ వెనక్కి రాలేదు."

అందులో అబద్ధం లేదు. పిక్సెలంటే ఏమిటో పెయింటరుకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. సినిమా బొమ్మలు, సబ్బు బొమ్మలు గోడకెక్కించే రోజుల్లో చిన్న కాగితం మీద పెన్సిలుతో గళ్ళు గీసి, గోడ మీద అన్నే పెద్ద గళ్ళు కొట్టి, గడికి గడి నింపుకుంటూ పోయేవాడు. దూరం నుంచి చూసే గోడకి పెద్ద గళ్ళు చాలు. దగ్గర నుంచి చూసే తలుపుకి సన్న గళ్ళు కావాలి. పిక్సెలూ గడే. కాకపోతే ఆ గడిలో ఒక్క రంగే ఉంటుంది. అందుకే అది కంటికి కనపడనంత దూరంలో జనం నిలబడితే సరిపోతుంది. ఆపైన ఎన్ని గళ్ళు గీసినా కూలి దండగ.

అతనికి ఇంకో పద్ధతి ఉంది. ఏ పెద్ద బ్యానరైనా ముందు రెండడుగుల ముక్క ప్రింటు తీయించి, రోడ్డవతల గోడకి క్లిప్పులతో తగిలించి, షాపు మెట్టు మీద నిలబడి చూస్తాడు. సుమారు ముప్పై అడుగులు. అక్కణ్ణించి బాగుంటే బాగున్నట్టే.

మిల్లు బ్యానరుకీ అదే చేశాడు. అడ్డం ముప్పై గళ్ళు, నిలువు పదహారు. ఒక్కో గడి ఎనిమిదంగుళాల వెడల్పు, ఏడున్నర ఎత్తు. అందులో అయిదంగుళాల వెడల్పు, ఆరు అంగుళాల ఎత్తు ఫొటో, కింద అరంగుళం అక్షరాలతో పేరు. మొత్తం ఎనిమిది వేల ఆరు వందల నలభై పిక్సెళ్ళ వెడల్పు, నాలుగు వేల మూడు వందల ఇరవై ఎత్తు. కంప్యూటరు గుక్కయినా తిప్పుకోకుండా పని చేసింది. రెండు రోజుల్లో ఫొటోలన్నీ ఒక్కొక్కటిగా పెట్టేశాడు. పేర్లు కూడా బొమ్మలో కలిపేసి, అంతా ఒకే పొరగా చేసి సేవ్ చేశాడు. ముక్క తీయించి గోడకి తగిలిస్తే మొహాలు మెట్టు మీదికి నిక్షేపంగా కనిపించాయి. పేర్లు కనిపించలేదు. కనిపించకపోతే ఏం? బ్యానరు మీద చిన్నక్షరాలు చదివేవాడెవడు? అడుగున కమిటీ సభ్యులంటూ యాభై పేర్లు వేయించుకునేది చదువుతారని కాదు, ఉన్నాయని. ఇన్నేళ్ళలో అతను చూసిన లోకం అది.

మేనకోడలు మాత్రం ముక్క దగ్గరికి వెళ్ళి చూసి వచ్చి, పేర్లు అలుక్కుపోయినట్టున్నాయి మామయ్యా అంది. పెయింటరు ముక్కకి క్లిప్పులు ఊడదీశాడు. ఓడిపోయినవాళ్ళు తప్పులు వెతుకుతారనుకున్నాడు.

వీడ్కోలుకి ముందు రోజు పొద్దున బ్యానరు ప్రింటయింది. పదకొండింటికి మిల్లు టైంకీపరు తీసుకెళ్ళడానికి వచ్చాడు. బట్టతల మనిషి, ముప్పై ఒక్క ఏళ్ళుగా గేటు దగ్గర రాకపోకలు రాసుకుంటూ కూర్చున్నవాడు. బ్యానరు మడత పెట్టొద్దు, ఒకసారి పరవండి చూస్తానన్నాడు. వెనక షెడ్డులో నేల మీద పరిచారు. టైంకీపరు చెప్పులు విప్పి, జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తర్వాత చేతులు ఆనించి వంగాడు. అలా ఫొటో తర్వాత ఫొటో పాకుతూ పోయాడు.

"ఇది ఎవరి పేరు?" అని ఒక చోట వేలు పెట్టాడు.

పెయింటరు వంగి చూశాడు. అరంగుళం అక్షరానికి అతని లెక్కలో పద్దెనిమిది పిక్సెళ్ళు. ఒత్తులు, గుడులు, కొమ్ములు అన్నీ ఆ పద్దెనిమిదిలోనే ఇరుక్కోవాలి. మెట్లు మెట్లుగా విరిగిన నల్లటి ముద్దలు కనిపించాయి. పైన మొహంలో కళ్ళు చదరపు మచ్చల్లా ఉన్నాయి. తనే పెట్టిన ఫొటో, తనే కొట్టిన పేరు. చదవలేకపోయాడు.

కొంచెం వెనక్కి జరిగి చూడండి, దూరం నుంచి బాగుంటుందన్నాడు. ఎవరు దూరం నుంచి చూస్తారని టైంకీపరు నెమ్మదిగా అడిగాడు. గేటు లోపలి గోడకి కడుతున్నారట. గోడ ముందు సైకిళ్ళ స్టాండు, దానికీ గోడకీ మధ్య రెండడుగుల సందు. జనం ఆ సందులో నడుచుకుంటూ ఎవరి ఫొటో వాళ్ళు వెతుక్కుంటారు. పై వరసల కోసం రెండు చిన్న నిచ్చెనలు కూడా తెప్పించారు.

"సగం మంది ఫొటోలు చేరిన రోజున దిగినవి. ఇప్పటి మొహానికి పోలికే లేదు. పేరు చదివితేనే ఎవరిదో తెలిసేది. పేర్లన్నీ నేనే కూర్చుని టైపు చేశాను."

చేతులు దులుపుకుని లేచాడు. గొడవేమీ చేయలేదు. సాయంత్రం అయిదున్నరకి మళ్ళీ వస్తానని, అప్పటికి పేర్లు కనపడేలా ఉంటే తీసుకెళతాననీ, లేకపోతే గోడ ఖాళీగా వదిలేస్తామనీ చెప్పి వెళ్ళిపోయాడు.

బ్యానరు ఎక్కడ కడతారని ఆర్డరు తీసుకున్నప్పుడు బావ అడగలేదు. పని మొదలుపెట్టినప్పుడు పెయింటరూ అడగలేదు. బ్యానరంటే పైన కడతారు, ఇంకెక్కడ కడతారు?

బావ మొహం గంటు పెట్టుకుని, ఆ ముప్పై ఆరు ఉన్న చోట ఇంకా పెద్ద అంకె కొట్టి మళ్ళీ ప్రింటు తీయమన్నాడు. అలా చేస్తే కంప్యూటరు ఉన్న గడినే ముక్కలు చేసి మధ్యలో తోచిన రంగు పూస్తుందనీ, పోయిన కన్ను తిరిగి రాదనీ పెయింటరు చెప్పాడు. ఆరు వందల పిక్సెళ్ళ ఫొటోని నూట ఎనభైకి కుదించి, అలాగే సేవ్ చేశానన్నాడు. మొదటి నుంచి మళ్ళీ పేర్చాలన్నాడు.

"తప్పెవరిది? స్కాన్ సరిగ్గా లేదా?" అన్నాడు బావ.

పారిపోవడానికి దారి అది. స్కాన్లు బాగా లేవంటే బావ నమ్మేవాడు. మిల్లు ఆఫీసు మీద రెండు తిట్లు తిట్టి ఊరుకునేవాడు.

"స్కాన్లు బాగానే ఉన్నాయి. నేనే రోడ్డవతల నుంచి చూశాను," అన్నాడు పెయింటరు.

బావ కూతురి వైపు చూశాడు. ఆ చూపు పెయింటరుకి బాగా గుచ్చుకుంది. కుర్చీలోంచి లేచి పక్కనున్న ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నాడు. మేనకోడలు వచ్చి కుర్చీలో కూర్చుంది. వెనక్కి ఆనుకోలేదు, అంచున కూర్చుంది.

నాలుగు వందల ఎనభై ఫొటోలు మళ్ళీ ఒక్కొక్కటీ పెట్టాలంటే రెండు రోజులు. ఆ పిల్ల దగ్గర ఉపాయం ఉంది. పుస్తకాలు పేజీలు కట్టే సాఫ్ట్‌వేరులో, టైంకీపరు టైపు చేసిన పేర్ల పట్టికకి ఫొటోల ఫైళ్ళ పేర్లు జోడించి ఇస్తే, గళ్ళలో అదే వరసగా పోసేస్తుంది. పేర్లు కూడా బొమ్మగా కాకుండా అక్షరాలుగానే ఉండిపోతాయి. అక్షరం గీతల రూపంలో ఉంటే ఎంత పెంచినా అంచు చెదరదు.

పెయింటరు స్టూలు దగ్గరికి లాక్కుని విన్నాడు. పదిహేనేళ్ళు ఆ సాఫ్ట్‌వేరు పక్కకి వెళ్ళకపోవడం తన తప్పే గానీ, పక్కకి వెళ్ళే తీరిక ఎవడిచ్చాడు?

తీరా పేజీ తెరవబోతే, పద్దెనిమిది అడుగులు దాటిన పేజీ ఆ సాఫ్ట్‌వేరు ఒప్పుకోదు. మేనకోడలు ఆగిపోయింది. గడియారం వైపు చూసింది.

"పదో వంతు సైజులో కట్టు," అన్నాడు పెయింటరు. "ఇరవై నాలుగంగుళాలు, పన్నెండంగుళాలు. గోడకి గీసేముందు కాగితం మీద అలాగే గీసేవాళ్ళం. ప్రింటప్పుడు మిషను దగ్గర పదింతలు చేయమందాం."

ఆ పిల్ల కట్టింది. అయిదంగుళాల ఫొటో అరంగుళమయింది. పట్టిక ఇచ్చి మీట నొక్కగానే మొహాలు వరసగా పేజీలోకి దిగుతూ వచ్చాయి, మిల్లు సైరన్ మోగాక పనివాళ్ళు గేటులోకి వచ్చినట్టు. రెండు రోజుల పని పావుగంటలో. పెయింటరు స్టూలు మీద కూర్చుని చూస్తూ, తన రెండు రోజుల్నీ తలుచుకున్నాడు.

పట్టికలో ఖాళీ పడ్డ చోట్లు వెతికి, జారిన వరసలు సర్దేసరికి మూడయింది. ఫొటోలు ఎంత పదునుగా పడతాయో ఇద్దరూ కలిసి లెక్క వేశారు. ఆరు వందల పిక్సెళ్ళు అయిదంగుళాల మీద పరుచుకుంటే అంగుళానికి నూట ఇరవై. అంతకు మించి ఎంత పెట్టినా స్కానులో లేనిది పుట్టదు. అడుగున్నర దూరం నుంచి చూసేవాళ్ళకి నూట ఇరవై మరీ నున్నగా ఉండదు గానీ, కన్నూ ముక్కూ పోల్చుకోవడానికి చాలు.

ఇక మిషనుకి పంపే ఫైలు తీయడమే మిగిలింది. మేనకోడలు తెర మీద ఎక్స్‌పోర్టు పెట్టె తెరిచింది. ఎప్పుడూ వాడే అమరిక, 'ప్రింటు నాణ్యత' అనేది ఎంచుకుంది. అందులో ఒక వరుస ఉంటుంది. ఫొటోల్లో పిక్సెళ్ళు మరీ ఎక్కువగా ఉంటే అంగుళానికి మూడు వందలకి కుదించమని. మూడు వందలు చూడగానే ఆ పిల్ల మొహం తేటపడింది. కాలేజీ అంకె. ఫైలుకి పేరు పెట్టి, మంచినీళ్ళు తాగొస్తానని లేచి వెళ్ళింది.

పెయింటరు ఆ అంకె వంక చూశాడు. పేజీ పదో వంతు. పదో వంతులో మూడు వందలంటే, అసలు సైజులో ముప్పై. తను పెట్టిన ముప్పై ఆరు కంటే తక్కువ. పేర్లు అక్షరాలు గనక బాగానే వస్తాయి, మొహాలు మాత్రం మళ్ళీ అవే చదరపు మచ్చలు. అయిదున్నరకి టైంకీపరు వస్తాడు, మోకాళ్ళ మీద వంగుతాడు, కళ్ళేవీ అంటాడు. డిగ్రీ చదివిన పిల్ల చేసినా అంతే కదా అంటాడు బావ. ఇద్దరూ ఒకటే అయితే పాతవాడే నయమంటాడు. కుర్చీ కుర్చీలాగే ఉంటుంది.

దానికి పెయింటరు చేయాల్సిన పని ఏమీ లేదు. ఊరికే కూర్చుంటే చాలు.

ఊరికే కూర్చున్నాడు. గోడల మీద అతను రాసిన పేర్లు అతని కళ్ళముందే సున్నం కింద పోయాయి. ఒక్కడూ వచ్చి ఇది నీ చేతిరాత కదా, ఉంచుదామా అని అడగలేదు. అతను మాత్రం ఇంకొకళ్ళ కోసం నోరు విప్పాలా? తెర మీద మొహాలు అతని వైపే చూస్తున్నాయి. రెండు రోజులు ఒక్కొక్కరినీ చేత్తో గడిలో పెట్టినవాడు గనక కొందరు గుర్తున్నారు. జడ ముందుకి వేసుకున్న ఆవిడ, కాలరు ఒక పక్కకి మడతపడ్డ కుర్రాడు, కళ్ళు మూసుకుపోయినా మళ్ళీ తీయించుకోని మనిషి. రేపు వీళ్ళు నిచ్చెనెక్కి వెతుక్కుంటారు.

మేనకోడలు మూతి తుడుచుకుంటూ వచ్చి కూర్చుని, మీట మీద వేలు పెట్టింది.

"ఆగు," అన్నాడు పెయింటరు. గొంతు అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. "ఆ మూడు వందలు పదో వంతు మీద. పదింతలు చేస్తే ఎంతవుతుంది?"

ఆ పిల్ల తెర వంక చూసింది. పెదాలు కదిపి లెక్క వేసుకుంది.

"ముప్పై," అంది.

"ఆ వరుసే తీసేయ్. ఏదీ కుదించొద్దను. పదో వంతులో పన్నెండొందలుంటేనే గోడ మీద నూట ఇరవై."

తీసేసింది. ఫైలు పెద్దదైంది గానీ కంప్యూటరు మోసింది. మిషను ఆపరేటరుకి పదింతలు అని పెయింటరే కాగితం మీద రాసిచ్చి, ఈసారి ముక్కని రోడ్డవతల కట్టకుండా షెడ్డు గోడకి చేతికందే ఎత్తులో తగిలించి, ముక్కు ఆనేంత దగ్గరికి వెళ్ళి చదివాడు. తొమ్మిది మొహాలు, తొమ్మిది పేర్లు. అన్నీ చదవగలిగాడు.

అయిదున్నరకి టైంకీపరు మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఈసారి వేలు పెట్టిన చోటల్లా పేరు తనే పైకి చదువుతూ పోయాడు. నాలుగో వరసలో ఒక చోట ఆగి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత చుట్టేయమన్నాడు.

అతను వెళ్ళాక, ఎలాగైతేనేం గట్టెక్కాం అన్నాడు బావ. రేపటి నుంచి అమ్మాయి కంప్యూటరు దగ్గర ఉంటుందనీ, కట్టే చోటు చూసుకోవడం, కొలతలు తీసుకోవడం, రింగులు బావమరిది చూసుకుంటాడనీ అన్నాడు. మేనకోడలు మధ్యలో అడ్డొచ్చి, మామయ్య ఆపకపోతే ఫొటోలు పాడయ్యేవనీ, తనకి ఆ లెక్కే తట్టలేదనీ చెప్పింది. బావ విన్నాడు.

"సరే, మంచిదే. అయినా పేజీ కట్టింది నువ్వే కదా," అన్నాడు.

అదీ నిజమే. కట్టింది ఆ పిల్లే.

మర్నాడు ఎనిమిదింటికి టేపు, తాడు, సుత్తి పట్టుకుని మిల్లుకి వెళ్ళాడు. గోడ, సైకిళ్ళ స్టాండు, మధ్య సందు టైంకీపరు చెప్పినట్టే ఉన్నాయి. ఇద్దరు మనుషుల్ని సాయం పెట్టుకుని బ్యానరు బిగించి కట్టేసరికి జనం రావడం మొదలైంది. సందులో పక్కపక్కన నిలబడి, మెడలు చాచి, వేళ్ళతో పేర్ల కింద గీసుకుంటూ నడిచారు. ఒకావిడ నిచ్చెన మీది నుంచి, ఇదిగో నేను, ఎంత సన్నంగా ఉన్నానో చూడండి అని కింద వాళ్ళని పిలిచింది. ఎవరో నవ్వారు. బ్యానరు ఎవరు చేశారని ఎవరూ అడగలేదు.

పెయింటరు షాపుకి తిరిగి వచ్చేసరికి మేనకోడలు కొత్త ఆర్డరు ముందేసుకుని ఉంది. స్టేజీ వెనక కట్టే తెరట, ముప్పై అడుగులు. అంగుళానికి ఎంత పెట్టమంటావు మామయ్యా అని అడిగింది.

అతను టేపు నడుముకి తగిలించుకుని, స్టేజీ ఎక్కడని అడిగాడు.

"అది రాయలేదు," అంది.

"అయితే ఏదీ మొదలుపెట్టకు. చూసొస్తా," అని, చెమట ఆరకముందే మళ్ళీ ఎండలోకి నడిచాడు, లోపల తిట్టుకుంటూనే.